గొలుసు డైల్యూషన్ మాని శాఖల డైల్యూషన్‌కు మారాక: తాగునీటి సీసం స్టాండర్డ్‌ల తయారీపై దీర్ఘకాల వాడకందారు సమీక్ష

చెన్నై అంబత్తూరులోని మా నీటి పరీక్షల ల్యాబ్‌కు క్యాన్ నీళ్లు, బోరు నీళ్లు ఎక్కువగా వస్తాయి. వాటిలో సీసాన్ని గ్రాఫైట్ ఫర్నేస్‌పై కొలుస్తాం. భారత తాగునీటి ప్రమాణం IS 10500 ప్రకారం సీసం లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు; మినహాయింపు పరిమితి అంటూ ఏదీ లేదు. అందువల్ల 9.7 ఉన్న నమూనాను 10.1గా చూపే స్టాండర్డ్ మాకు అక్కరకు రాదు. ఆ 10 దగ్గర స్టాండర్డ్ నిజంగా 10గా ఉండాలన్న ఒక్క కారణంతోనే డైల్యూషన్ పథకాన్ని మార్చుకున్నాం. కొత్త పథకాన్ని చాలాకాలంగా వాడుతున్నాను కనుక దానిలోని మంచీ చెడూ రాస్తున్నాను.

పాత పద్ధతి చాలా ల్యాబ్‌లలో కనిపించేదే. లీటరుకు 1000 మిల్లీగ్రాముల స్టాక్ నుంచి 1000 మైక్రోలీటర్ల మైక్రోపిపెట్‌తో 1 మి.లీ. తీసి 10 మి.లీ. ఫ్లాస్క్‌లో గీత వరకు నింపడం, దాని నుంచి మళ్లీ 1 మి.లీ., ఇలా అయిదు మెట్లు దిగితే 10 మైక్రోగ్రాములు చేతికి వస్తాయి. ఆ పిపెట్‌కు ISO 8655 అనుమతించే గరిష్ఠ స్థిర దోషం 0.8 శాతం, యాదృచ్ఛిక దోషం 0.3 శాతం. మెట్లు పెరిగే కొద్దీ ఈ రెండూ ఒకేలా పెరగవు. యాదృచ్ఛిక దోషం ఒకసారి ఎక్కువగా, మరోసారి తక్కువగా పడుతుంది కనుక అయిదు మెట్ల తరువాత అయిదు వర్గమూలం రెట్లు మాత్రమే పెరిగి 0.67 శాతం దగ్గర ఆగుతుంది. స్థిర దోషం అలా కాదు. పిపెట్ ప్రతిసారీ 0.8 శాతం తక్కువ పోస్తుంటే 0.992ను అయిదుసార్లు గుణించాలి, వచ్చేది 0.961. సీసాపై 10 అని రాసి ఉన్నా లోపల ఉన్నది 9.61 మాత్రమే. దానితో పోల్చినప్పుడు 9.7 ఉన్న నీరు 10.1గా కనిపించి, నిజానికి నెగ్గిన నమూనాపై 'ఫెయిల్' అని రిపోర్టు వెళ్తుంది. పిపెట్ ప్రమాణానికి లోబడే ఉంది, దాని కాలిబ్రేషన్ సర్టిఫికెట్ కూడా సరిగ్గానే ఉంది. తప్పు పోగైనది ఒకే పనిముట్టును వరుసగా అయిదుసార్లు నమ్మడం వల్ల.

ఈ దోషం గ్రాఫ్‌లో కనిపించదు. 50 నుంచి మొదలుపెట్టి సగం, సగం చేస్తూ 25, 12.5, 6.25, 3.125 స్టాండర్డ్‌లను ఇలాగే 5 మి.లీ. పిపెట్‌తో 10 మి.లీ. ఫ్లాస్క్‌లలో చేశారనుకోండి. పిపెట్ 0.8 శాతం తక్కువ పోస్తుంటే చివరి స్టాండర్డ్ 3 శాతానికి పైగా పలచబడుతుంది. అయినా సహసంబంధ గుణకం వర్గం 0.9999 పైనే వస్తుంది, ఎందుకంటే గీతను లాగేది పైనున్న 50, 25 బిందువులే. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన నెల్లూరు అబ్బాయి ఆ ప్రింటవుట్ చూపించి, "ఇంత బాగా వచ్చింది కదా సార్, ఇంకేం చూడాలి?" అని అడిగాడు. చూడవలసింది ప్రతి స్టాండర్డ్‌కూ సిగ్నల్‌ను గాఢతతో భాగిస్తే వచ్చే సంఖ్య. 50 దగ్గర దాన్ని 100గా తీసుకుంటే, తరువాతివి 99.2, 98.4, 97.6, 96.8గా మెట్లు దిగినట్టే దిగుతాయి. కింది గాఢతల వద్ద ఫర్నేస్ రీడింగులు ఒకటి రెండు శాతం అటూ ఇటూ ఊగుతాయి కనుక ఒక్కరోజు పట్టికతో ఏమీ తేల్చలేం. వారాల పట్టికలను పక్కపక్కన పెట్టినా దిగుడు ఒకే దిశలో కనిపిస్తే అది ఊగిసలాట కాదని అర్థం. అప్పుడు పిపెట్‌ను త్రాసు దగ్గరకు తీసుకువెళ్లాలి. 27 డిగ్రీల వద్ద 1 మి.లీ. నీరు గాలిలో సుమారు 0.9955 గ్రాములు తూగుతుంది, సగటు 0.9880 గ్రాములు వస్తే పిపెట్ ముప్పావు శాతం తక్కువ పోస్తోందన్న మాట.

ఇప్పుడు వాడుతున్న పథకంలో మెట్లు నాలుగు, గాజుసామాను అంతా 'ఎ' తరగతిది. స్టాక్ 5 మి.లీ.ను 500 మి.లీ.కు, దానిలో 10 మి.లీ.ను 100కు, దానిలో 25 మి.లీ.ను 250కు నింపితే లీటరుకు 100 మైక్రోగ్రాముల తల్లి ద్రావణం తయారవుతుంది. ఆ ఒక్క తల్లి నుంచే 50, 20, 10, 5, 2 మి.లీ. బల్బ్ పిపెట్‌లతో విడివిడిగా తీసి, ఒక్కొక్క దాన్ని 100 మి.లీ.కు నింపితే 50, 20, 10, 5, 2 మైక్రోగ్రాముల స్టాండర్డ్‌లు వస్తాయి. ఏ స్టాండర్డూ మరొక స్టాండర్డ్‌కు బిడ్డ కాదు కనుక ఒకదానిలో దొర్లిన తప్పు దాని కింది వాటికి పాకదు.

ఈ పథకంలో 1 మి.లీ. పిపెట్‌ను కావాలనే పక్కన పెట్టాను. దాని అనుమతి పరిమితి 0.008 మి.లీ., అంటే 0.8 శాతం, 10 మి.లీ. పిపెట్‌కు అది 0.02 మి.లీ., అంటే 0.2 శాతమే. 10 మైక్రోగ్రాముల స్టాండర్డ్‌కు నాలుగు పిపెట్‌ల పరిమితులు వరుసగా 0.3, 0.2, 0.12, 0.2 శాతం, ఫ్లాస్క్‌లవి 0.05, 0.1, 0.06, 0.1 శాతం. ఒక్కొక్క దాన్నీ 1.73తో భాగించి, వర్గాలు కూడి, వర్గమూలం తీస్తే సుమారు 0.27 శాతం వస్తుంది. అన్ని దోషాలూ ఒకే వైపుకు పడిన అతి చెడ్డ సందర్భంలో కూడా మొత్తం 1.1 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. పాత గొలుసు దాదాపు 4 శాతంతో పోలిస్తే ఇది నాకు పూర్తిగా సమ్మతమే.

అయితే ఈ లెక్క చేతి పనితీరును లెక్కలోకి తీసుకోదు. 250 మి.లీ. ఫ్లాస్క్‌ను గీత వరకు నింపి నాలుగైదుసార్లు ఊపి వదిలేస్తే మెడలోని నీరు సరిగా కలవదు. మూత పట్టుకుని తలకిందులు చేసి, గాలిబుడగ అడుగు దాకా వెళ్లనిచ్చి, తిరిగి నిలబెట్టడం పదిసార్లకు తగ్గకూడదు. అనుమానం వస్తే మళ్లీ కలిపి మరోసారి చదివించండి. రీడింగు మారితే మొదటిసారి కలవలేదన్నట్టే. ఇక బల్బ్ పిపెట్ కొనలో మిగిలే చివరి చుక్కను ఊదకూడదు, ఎందుకంటే ఆ చుక్కను మినహాయించే గీత పెట్టారు. చెన్నై ఎండల్లో ఇంకో సంగతి: ఏసీ ఆపిన గదిలో రాత్రంతా 32 డిగ్రీలకు వేడెక్కిన తల్లి ద్రావణాన్ని ఉదయం 24 డిగ్రీల నీటితో పలచన చేస్తే నీటి వ్యాకోచం వల్లే 0.2 శాతం పోతుంది. రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చే దాకా ఆగితే ఆ దోషం చాలావరకు దానంతటదే రద్దవుతుంది.

పథకంలో లోపాలు లేకపోలేదు. కడగవలసిన ఫ్లాస్క్‌లు ఎక్కువ, నైట్రిక్ ఆమ్లం ఖర్చు ఎక్కువ, సీసం కలిసిన వ్యర్థం కూడా ఎక్కువే. అన్నిటికన్నా పెద్దది తల్లి ద్రావణంలోని తప్పు. అది అయిదు బిందువులనూ ఒకే నిష్పత్తిలో జరుపుతుంది కనుక ముందు చెప్పిన భాగహారం పట్టిక దాన్ని పట్టుకోలేదు. దానికి మందు ఒక్కటే: వేరే తయారీదారు స్టాక్ నుంచి, వేరే పిపెట్‌లతో 10 మైక్రోగ్రాముల తనిఖీ ద్రావణం చేసి ప్రతి బ్యాచ్‌లో చదివించడం.

గొలుసు తప్పనిసరైతే, ఉదాహరణకు గాఢతలు అనేక పదుల రెట్ల మేర పరచుకుని ఉంటే, ఫ్లాస్క్‌ను మాని సగం సగం పద్ధతికి రండి. అదే మైక్రోపిపెట్‌ను, సెట్టింగ్ కదపకుండా, ద్రావణానికీ పలచన నీటికీ వాడండి. పిపెట్ ఎంత తక్కువ పోసినా రెండు వైపులా అంతే తక్కువ పోస్తుంది కనుక నిష్పత్తి సగంగానే నిలుస్తుంది, స్థిర దోషం పోగవదు. ద్రావణం, నీరు ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. టిప్‌ను ముందుగా ఒకసారి తడిపి, రెండింటికీ బటన్‌ను ఒకే తీరులో నొక్కాలి. ఈ పద్ధతి కూడా యాదృచ్ఛిక దోషాన్ని ఆపలేదు.