తేమ మీటరు కొంటున్నారా? రిపోర్టులో 14 శాతం, స్క్రీన్ మీద 14 శాతం ఒకటి కాదు

రాజాం, చీపురుపల్లి చుట్టుపక్కల వరి కోసిన మడుల్లో మొక్కజొన్న వేసేవాళ్లకి ఈమధ్య ఒక ప్యాకేజీ అంటగడుతున్నారు. నేలలో గుచ్చే తేమ మీటరు, ఫోన్‌లో చూసే యాప్, దాంతోపాటు ఒక మట్టి పరీక్ష కాగితం. కాగితంలో ఫీల్డ్ కెపాసిటీ, అంటే అదనపు నీరు దిగిపోయాక నేల పట్టి ఉంచుకోగల నీరు, ఎంతో ఒక అంకె ఉంటుంది. దాన్ని యాప్‌లో పైహద్దుగా పెట్టేసి వెళ్లిపోతారు. అక్కడినుంచి యాప్ "నీరు ఎక్కువైంది, తడి పెట్టొద్దు" అని చూపిస్తూనే ఉంటుంది, చేను మాత్రం మధ్యాహ్నానికి ఆకు చుట్టేస్తుంది. కొన్నవాళ్లు మీటరు పాడైందనుకుంటారు. చాలాసార్లు మీటరు బాగానే ఉంటుంది. తప్పు ఆ రెండు శాతాల్ని పక్కపక్కన పెట్టడంలోనే ఉంది.

ల్యాబ్ ఇచ్చేది బరువు లెక్క తేమ, అంటే గ్రావిమెట్రిక్. వంద గ్రాముల ఎండిన మట్టికి ఎన్ని గ్రాముల నీరు ఉందో అది చెబుతుంది. మీటరు చూపేది పరిమాణం లెక్క తేమ, అంటే వాల్యుమెట్రిక్. వంద సీసీల నేలలో ఎన్ని సీసీల నీరు ఉందో అది. ఒక సీసీ నీటి బరువు ఒక గ్రాము కాబట్టి నీటి వైపు తేడా రాదు. మట్టి వైపే వస్తుంది. మన ఎర్ర నేలల్లో ఒక సీసీ నేలలో ఎండు మట్టి గ్రామున్నరకి అటూఇటుగా ఉంటుంది. దాన్నే బల్క్ డెన్సిటీ అంటారు. బరువు లెక్క తేమని దాంతో గుణిస్తేనే పరిమాణం లెక్క తేమ వస్తుంది. ఆ గుణకారం చేయకుండానే ప్యాకేజీ అమ్ముతున్నారు.

ఒక మడి లెక్క చూద్దాం. వేళ్లు 45 సెంటీమీటర్ల వరకు దిగాయి. మూడు పొరల్లో మట్టి తీశారు. పై పొర మట్టి డబ్బా ఖాళీ బరువు 28.4 గ్రాములు, తడి మట్టితో 136.2, ఓవెన్‌లో ఎండాక 127.4. పోయిన నీరు 8.8 గ్రాములు, మిగిలిన ఎండు మట్టి 99.0 గ్రాములు. 8.8ని 99.0తో భాగిస్తే 8.9 శాతం. ఇక్కడే ఒక చిన్న పొరపాటు దొర్లుతుంది. ధాన్యం కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ అంటే వంద కిలోల పచ్చి ధాన్యంలో 17 కిలోల నీరు. అది తడి బరువు మీద లెక్క. మట్టికి ఎప్పుడూ ఎండు బరువు మీదే లెక్క. అలవాటు ప్రకారం ధాన్యం లెక్క కట్టినవాళ్లు ఇదే డబ్బాకి 8.2 రాస్తారు. అందుకే రిపోర్టులో శాతం ఒక్కటే ఉంటే సరిపోదు, మూడు బరువులూ రాయించుకోండి. మీరే భాగించి చూసుకోవచ్చు.

ఇప్పుడు పొరలవారీగా. పై 15 సెంటీమీటర్లలో బరువు లెక్క తేమ 8.9, బల్క్ డెన్సిటీ 1.50. గుణిస్తే పరిమాణం లెక్కలో 13.4 శాతం. 15 నుంచి 30 వరకు తేమ 10.5, డెన్సిటీ 1.66. ఏళ్ల తరబడి దమ్ము చేసిన వరి మడి కాబట్టి ఈ పొర అదిమేసినట్టు గట్టిగా ఉంటుంది. ఇక్కడ 17.4 శాతం. 30 నుంచి 45 వరకు తేమ 12.0, డెన్సిటీ 1.58. ఇక్కడ 19.0 శాతం. మీటరు సరిగ్గా పనిచేస్తే మూడు లోతుల్లో 13.4, 17.4, 19.0 దగ్గర్లోనే చూపించాలి.

అదే మట్టికి ల్యాబ్ కాగితంలో ఫీల్డ్ కెపాసిటీ వరుసగా 14, 15, 15.5 అని ఉంది. ఇవి బరువు లెక్కలో ఉన్న అంకెలు. వీటినే యాప్‌లో పైహద్దుగా పెడితే ఏమవుతుందో చూడండి. పై పొరలో 13.4 ఉంది, హద్దు 14, కాబట్టి "దాదాపు నిండింది". మధ్య పొరలో 17.4 ఉంది, హద్దు 15, కాబట్టి "ఎక్కువైంది". కింది పొరలో 19, హద్దు 15.5, అక్కడ ఇంకా ఎర్ర గుర్తు. మోటారు ఆపేయమంటుంది. అసలు హద్దులు 14ని 1.50తో, 15ని 1.66తో, 15.5ని 1.58తో గుణించాకే తెలుస్తాయి: 21.0, 24.9, 24.5. మూడు పొరల్లో ఒక్కటీ నిండలేదు.

ఎంత తక్కువ ఉందో మిల్లీమీటర్లలోకి మార్చుకుంటేనే మోటారు ఎంతసేపు వేయాలో తెలుస్తుంది. పరిమాణం లెక్క తేమని పొర మందంతో గుణిస్తే నీటి లోతు వస్తుంది. 15 సెంటీమీటర్లంటే 150 మిల్లీమీటర్లు. పై పొరలో 150లో 13.4 శాతం, అంటే 20 మిల్లీమీటర్ల నీరు. మధ్యలో 26.1, కింద 28.4. మొత్తం 74.5 మిల్లీమీటర్లు. ఫీల్డ్ కెపాసిటీ దగ్గర ఉండాల్సింది 31.5, 37.4, 36.7, కలిపి 105.6. లోటు 31 మిల్లీమీటర్లు.

కొందరు డీలర్లు యాప్ వదిలేసి కాగితం మీదే లెక్క వేసిస్తారు. అందులోనూ బల్క్ డెన్సిటీ ఉండదు. మూడు పొరల లోటు శాతాలు 5.1, 4.5, 3.5ని నేరుగా 150తో గుణించేస్తారు. 19.7 మిల్లీమీటర్లు వస్తుంది. కాగితం మీద 11 మిల్లీమీటర్ల తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే 4,047 లీటర్లు. 31 మిల్లీమీటర్లకి సుమారు లక్షా పాతిక వేల లీటర్లు కావాలి, వాళ్ల లెక్కకి 80 వేలే వస్తుంది. గంటకి పది వేల లీటర్లు పోసే బోరైతే పన్నెండున్నర గంటలు నడవాల్సింది ఎనిమిది గంటలకే ఆగిపోతుంది. ప్రతి తడికీ ఇదే వరస అయితే కింది పొరకి నీరు చేరనే చేరదు. ఈ లీటర్లు ఎకరం మొత్తం తడిసే పద్ధతికి. డ్రిప్ అయితే తడిసే భాగం ఎంతో చూసి ఆ మేరకు తగ్గించుకోవాలి.

బల్క్ డెన్సిటీ రాశారు కదా అని నమ్మేయకండి. ఎలా కొలిచారో అడగండి. పొడి చేసి జల్లెడ పట్టిన మట్టిని సీసాలో పోసి తూకం వేస్తే 1.2 లాంటి అంకె వస్తుంది. అది సీసాలో మట్టి డెన్సిటీ, మీ మడిది కాదు. ఆ 1.2తో పై లెక్క వేస్తే లోటు 23.6 మిల్లీమీటర్లే వస్తుంది. గట్టి పొర జాడ కూడా అందులో కనిపించదు.

మడిలోనే రింగుతో తీయాలి. లోపలి వెడల్పు 5, ఎత్తు 5 సెంటీమీటర్లు ఉన్న ఇనుప గొట్టం ముక్క చాలు. కింది అంచుని బయటివైపు నుంచి పదును పెట్టించాలి. దాని పరిమాణం 98 సీసీలు. షాపులో చెప్పిన పైపు సైజు నమ్మొద్దు, లోపలి వెడల్పు వెర్నియర్‌తో కొలవండి. 5.0 అనుకున్నది నిజానికి 4.8 అయితే పరిమాణంలో 8 శాతం తప్పు వస్తుంది. నేల మరీ ఎండి ఉంటే దిగేటప్పుడు ముక్కలవుతుంది, మరీ బురదైతే అణిగిపోతుంది. తడి పెట్టిన రెండు మూడు రోజులకి బాగుంటుంది. రింగు మీద చెక్క పెట్టి నిదానంగా కొట్టి దించండి. దిగాక లోపలి మట్టి మట్టం బయటి మట్టంతో సమానంగా ఉందో లేదో చూడండి. లోపల కుంగి ఉంటే మట్టి అణిగింది, ఆ నమూనా పారేసి పక్కన ఇంకోటి తీయండి. చుట్టూ తవ్వి, రింగు పైకి తీసి, రెండు చివరలూ చాకుతో సాపు చేసి, లోపలి మట్టి గింజ పోకుండా డబ్బాలోకి వేయండి. వెంటనే మూత పెట్టి తూచాలి. మూత లేకుండా మోటార్‌సైకిల్ మీద పట్నం చేరేసరికి తేమ కొంత ఎగిరిపోతుంది. ఓవెన్ 105 డిగ్రీల దగ్గర 24 గంటలు.

ఇలా తీస్తే ఒకే రింగు రెండు పనులు చేస్తుంది. పై పొర రింగులో తడి మట్టి 160.1 గ్రాములు, ఎండాక 147.0. ఎండు బరువుని 98తో భాగిస్తే డెన్సిటీ 1.50. పోయిన నీరు 13.1 గ్రాములు. దాన్నే 98తో భాగిస్తే నేరుగా 13.4 శాతం, మధ్యలో డెన్సిటీ కూడా అక్కర్లేదు. మీటరు పరీక్షించడానికి ఇంతకంటే మంచి దారి లేదు. అమ్మే మనిషి ఎదురుగానే మీటరు గుచ్చించి, పక్కనే అదే లోతులో రింగు తీయండి. మీటరు 9 దగ్గర ఆగితే అది బరువు లెక్కలో చూపిస్తోందో, లేక ఈ మట్టికి సరిచేయలేదో తేల్చమనండి.

గరువు నేలల్లో గులకరాళ్లు ఉంటే రింగు దిగదు. అప్పుడు చిన్న గుంట తవ్వి, తీసిన మట్టీ రాళ్లూ అన్నీ దాచి తూచండి. గుంటలో పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి నేల మట్టం వరకు నీళ్లు పోయండి. ఎన్ని సీసీలు పట్టాయో అదే గుంట పరిమాణం. ల్యాబ్‌లో రాళ్లు ఏరేసి మెత్తటి మట్టికే తేమ కడతారు. గుంట పరిమాణంలో ఐదో వంతు రాళ్లే అయితే ఆ ఐదో వంతులో నీరు లేనట్టే లెక్క. అది తీసేయకపోతే ఈసారి లెక్క ఎక్కువ వైపు తప్పుతుంది.

లోతు విషయంలోనూ మోసపోవద్దు. రెండంగుళాల పుల్లలున్న మీటరు ఆ రెండంగుళాల సంగతే చెబుతుంది. దాని అంకెని 45 సెంటీమీటర్లకీ గుణించి ఇస్తే ఒప్పుకోవద్దు. అలాగే మొక్కజొన్న వేళ్లు 90 సెంటీమీటర్లు పోతాయని చెప్పి ఆ లోతుకి లెక్క కట్టేవాళ్లున్నారు. దమ్ము పొర దగ్గర వేళ్లు అడ్డంగా తిరిగాయేమో మొక్క పక్కన ఒక గుంట తవ్వి చూశాకే లోతు రాయించండి. ఇక 1 నుంచి 10 వరకు అంకెలు చూపే చవక మీటరు ఉంటుంది. దాని అంకె బరువు లెక్కా కాదు, పరిమాణం లెక్కా కాదు. దాన్ని దేంతో గుణించినా మిల్లీమీటర్లు రావు.

డబ్బు కట్టేముందు బిల్లు మీద రెండు మాటలు రాయించుకోండి: స్క్రీన్ మీద శాతం పరిమాణం లెక్కదని, యాప్‌లో పెట్టిన పైహద్దు ఏ పొరకి ఏ బల్క్ డెన్సిటీతో గుణించగా వచ్చిందో. రాయనంటే మీటరు అక్కడే ఉంచి వచ్చేయండి. ఇప్పటికే కొనేసినవాళ్లు యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి పైహద్దు చూడండి. అది ల్యాబ్ కాగితంలో ఉన్న అంకెతో అచ్చంగా కలిస్తే ఈ రోజే మార్చండి.