తెర ఫొటోలో చారలు: మసకబార్చాలా, చుక్కలు చెరపాలా, మళ్లీ తీయాలా?

కర్నూలులో ఒక నెట్ సెంటరులో ప్రింటరు పనిచేయకపోవడంతో, ఆదోని దగ్గరి మా మేనమామ పొలం అడంగల్‌ను మా బావమరిది ల్యాప్‌టాప్ తెర మీది నుంచే ఫోనుతో ఫొటో తీసి పంపాడు. సర్వే నంబరు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఫొటోను పెద్దది చేసి చూస్తే అక్షరాల మీదుగా గులాబీ, ఆకుపచ్చ చారలు, వాటి కింద సన్నని గళ్లు కనిపించాయి. ఇలాంటి ఫొటోను చదవడానికి మూడు దారులున్నాయి: మసకబార్చి వెలుగు సరిచేయడం, చారల పౌనఃపున్యాన్ని వెతికి చెరపడం, ఫొటోనే మళ్లీ తీయడం. ఏది మేలన్నది చార వెడల్పుకూ అక్షరం ఎత్తుకూ ఉన్న నిష్పత్తిని బట్టి తేలుతుంది కాబట్టి ముందు కొలవాలి.

గళ్లు, చారలు ఒకటి కావు. తెర మీది ప్రతి గడిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు పక్కపక్కన ఉంటాయి. కెమెరా ఆ గడులను విడివిడిగా పట్టగలిగితే మనకు గళ్లు కనిపిస్తాయి. చారలు మాత్రం తెరలో లేనివి. రెండు దోమతెరలు ఒకదానిపై ఒకటి పడితే అలల్లాంటి గీతలు ఏర్పడినట్టే, తెర గడుల వరుసా కెమెరా సెన్సారు గడుల వరుసా దాదాపు కలిసినప్పుడు ఇవి పుడతాయి. సెన్సారులో ఎరుపు, నీలం గడులు అడ్డంగానూ నిలువుగానూ రెండేసి పిక్సెళ్లకు ఒకటి చొప్పున ఉంటాయి, ఆకుపచ్చవి వాటికి రెట్టింపు ఉంటాయి. తెర గడి ఒకటి ఫొటోలో సుమారు 2 పిక్సెళ్లు ఆక్రమించినప్పుడు ఎరుపు, నీలం పొరల్లో వెడల్పైన రంగు చారలు వస్తాయి.

మా ఫొటో వెడల్పు 4000 పిక్సెళ్లు, ల్యాప్‌టాప్ తెర వెడల్పు 1366 గడులు. బావమరిది దూరంగా, కొంచెం పక్కనుంచి తీయడంతో తెర మొత్తం ఫొటోలో సుమారు 2600 పిక్సెళ్లలోనే ఇమిడింది. అంటే సగటున ఒక్కో గడికి 1.9 పిక్సెళ్లు. పట్టికలో వరుస ఎత్తు ఎడమవైపు 49 పిక్సెళ్లు, కుడివైపు 43. ఈ తేడాను బట్టి లెక్కవేస్తే గడి ఎడమవైపు సుమారు 2.05, కుడివైపు సుమారు 1.8 పిక్సెళ్లు అవుతుంది. సెన్సారు వరుసలోని 2 పిక్సెళ్లనూ గడి వెడల్పునూ పోలిస్తే చార వెడల్పు పిక్సెళ్లలో ఇలా వస్తుంది:

```
1 / |1/2 - 1/2.05| = 82
1 / |1/2 - 1/1.8|  = 18
```

అంకెల ఎత్తు తెర మీద 8 గడులు, అంటే ఫొటోలో 15, 16 పిక్సెళ్లు. పట్టికలో సర్వే నంబరు గడి ఎడమ అంచున ఉంది, అక్కడ చారలు అంకెకు ఐదు రెట్ల వెడల్పు. విస్తీర్ణం గడి కుడి అంచున ఉంది, అక్కడ చార దాదాపు అంకె అంతే. ఒకే ఫొటోలో సులువైన భాగమూ కష్టమైన భాగమూ పక్కపక్కనే ఉన్నాయన్నమాట. కొలిచే ముందు ఒక జాగ్రత్త: ఫొటోను 100 శాతం సైజులో చూడాలి. చిన్నదిగా చేసి చూస్తే ఫోను తెరే కొత్త చారలు పుట్టిస్తుంది, అవి ఫైల్లో ఉండవు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వస్తే సైజు తగ్గి అసలు సమాచారమే పోతుంది. డాక్యుమెంటుగా పంపమని అడగాలి.

ఎడమవైపుకు మొదటి దారి చాలింది, ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రాముతో చేశాను. తెల్లటి నేలపై నల్లటి అంకెలు ఏ రంగు పొరలోనైనా కనిపిస్తాయి కాబట్టి, చారలు తక్కువగా ఉండే ఆకుపచ్చ పొరను మాత్రమే తీసుకుని, గళ్లు మాయమయ్యేంత మసకబార్చి, ఆ తర్వాత నేల వెలుగుతో భాగించాను.

```
magick adangal.jpg -crop 700x500+500+900 +repage \
  -channel G -separate +channel -blur 0x1 left.png
magick left.png \( +clone -blur 0x10 \) \
  -compose Divide_Src -composite -resize 300% left3.png
```

ఇక్కడ మొదటి మసక విలువ 1. గడి వెడల్పులో సుమారు సగమైన ఈ విలువకు గళ్లు ఒక శాతం కూడా మిగలవు. అంకె గీత మందం రెండు పిక్సెళ్లు కాబట్టి కాస్త మెత్తబడినా నిలుస్తుంది. రెండో మసక విలువ 10. దానికి 82 పిక్సెళ్ల చారలో నాలుగింట మూడు వంతులు నేలలో కలిసిపోయి, భాగించినప్పుడు పోతాయి. ఈ విలువను ఇంకా తగ్గిస్తే చార మరింత పోతుంది గానీ, అంకెల చుట్టూ తెల్లటి వలయాలు మొదలవుతాయి. ఇదే ఆదేశాన్ని కుడివైపు వాడితే ఏ లాభమూ లేదు: 18 పిక్సెళ్ల చార ఆ మసకలో పూర్తిగా కరిగిపోతుంది, కాబట్టి భాగించడానికి నేలలో చారే ఉండదు. చారే పోయేంతగా చిత్రాన్ని మసకబారిస్తే అంకే పోతుంది.

కుడివైపుకు రెండో దారి పట్టాను. ఇమేజ్‌జె అనే ఉచిత ప్రోగ్రాములో ఆకుపచ్చ పొర నుంచి 256 పిక్సెళ్ల చదరపు ముక్కను కత్తిరించి, `Process > FFT > FFT` నొక్కితే ముక్కలోని ఆవర్తనాలు చుక్కలుగా కనిపిస్తాయి. చుక్క నడుమ నుంచి ఎంత దూరంలో ఉంటుందో 256ను చార వెడల్పుతో భాగిస్తే తెలుస్తుంది. 18 పిక్సెళ్ల నిలువు చారలకు అడ్డంగా ఇరువైపులా 14 పిక్సెళ్ల దూరంలో చుక్కలు రావాలి, అక్కడే ఉన్నాయి. నల్ల రంగుతో ఆ రెంటినీ కప్పి `Inverse FFT` ఇస్తే చారలు తగ్గిన చిత్రం వస్తుంది. ముక్క చిన్నదిగా ఉండాలన్నది ఇందుకే: పక్కనుంచి తీసిన ఫొటోలో చార వెడల్పు మారుతూ పోతుంది కాబట్టి, పెద్ద ముక్కలో చుక్క గీతలా సాగిపోయి కప్పడానికి దొరకదు.

ఈ పద్ధతిలో ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. పట్టిక వరుసలకు నిలువుగా 6, 12 దగ్గర చుక్కలుంటాయి, వాటిని ముట్టుకోకూడదు. అంకెకూ అంకెకూ మధ్య దూరం సుమారు 12.6 పిక్సెళ్లు కాబట్టి అడ్డంగా 20 దగ్గరా వెలుగుంటుంది, అది చార చుక్కకు బాగా చేరువ. నేను మొదట మసి పెద్దగా పూశాను. అంకెల పక్కన లేని గీతలు నీడల్లా పుట్టి 6 కాస్తా 8లా కనబడింది. మూడు పిక్సెళ్ల వ్యాసార్థానికి తగ్గించాక నీడలు పోయాయి. అంకె బయట, ఖాళీ నేల మీద గీతల అలలు కనిపిస్తే పూత ఎక్కువైందని గుర్తు. ఆ స్థితిలో పదును పెంచే యాప్‌ను వాడితే నీడే అంకెగా గట్టిపడుతుంది.

అనుమానపు అంకెను కంటితో ఊహించడం కంటే, అదే గడి వరుసలో ఖాయంగా తెలిసిన 8నూ 6నూ పక్కన పెట్టి పోల్చడం మేలు. ఒకే ఫాంటు, ఒకే సైజు కాబట్టి అవి తెర మీద దాదాపు ఒకే రూపంలో పడతాయి. విస్తీర్ణంలో చివరి అంకెకు ఈ పోలికా తీర్పు ఇవ్వలేదు. 6, 8ల తేడా పైన కుడి పక్కనున్న ఒకటి రెండు తెర గడులే, సరిగ్గా అక్కడే చార నడుమ పడింది. రెండు అంకెలూ రాసి ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టాను.

తెర ఇంకా ఎదురుగా ఉంటే మాత్రం నా ఓటు మూడో దారికే. సగం తెర ఫొటో నిండేలా దగ్గరకు వెళ్లి రెండు ముక్కలుగా తీస్తే గడికి 5.9 పిక్సెళ్లు దక్కుతాయి. అప్పుడు ఎరుపు, నీలం పొరల్లోనూ ఒక్కో గడికి దాదాపు మూడు నమూనాలు పడి చారలు చాలావరకు పుట్టవు, మిగిలే గళ్లను మొదటి దారిలోని మసకే, విలువను గడి వెడల్పులో సగానికి, అంటే 3కు పెంచితే తీసేస్తుంది. తెరకు ఎదురుగా నిలబడడం కూడా ముఖ్యం. కోణం మార్చితే చారలు పోతాయని కొందరంటారు గానీ, మా ఫొటోలో కోణం వల్ల అవి ఒక అంచున వెడల్పుగా, రెండో అంచున అంకెల సైజుకు మారాయి.

మా విషయంలో నెట్ సెంటరు మూసేశారు, తెర దొరకలేదు. అయితే ఎడమవైపు సర్వే నంబరు సబ్‌డివిజన్‌తో సహా స్పష్టంగా చదవగలిగాం. దాన్ని మీభూమిలో ఇచ్చి అడంగల్ మళ్లీ తెరిచాం, విస్తీర్ణం చివర ఉన్నది 6.