ఉద్యోగం పోతుందని భయపడేవాళ్లు ఏఐ మీద మొదట ఏ పుస్తకం చదవాలి?

మా అక్క అకౌంట్స్ విభాగంలో పనిచేస్తుంది. "నా ఉద్యోగం ఉంటుందా, పోతుందా? అది అర్థమయ్యే పుస్తకం ఒకటి చెప్పు. కోడింగ్ మాత్రం వద్దు" అని ఈమధ్య అడిగింది. తన టెన్షన్ నాకు తెలుసు కాబట్టి, నేను చదివినవాటిలో మూడు పుస్తకాలను మళ్లీ తీసి పక్కపక్కన పెట్టుకుని చూశాను.

ఎక్కువమంది ముందు చెప్పే పేరు మెలనీ మిచెల్ రాసిన 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్: ఎ గైడ్ ఫర్ థింకింగ్ హ్యూమన్స్' (2019). యంత్రం ఎలా నేర్చుకుంటుందో ఇంత ఓపికగా చెప్పిన పుస్తకం నేను ఇంకొకటి చూడలేదు. ఆమె విద్యార్థి ఒకరు, ఫోటోలో జంతువు ఉందో లేదో చెప్పేలా ఒక ప్రోగ్రాంకు శిక్షణ ఇచ్చారు. అది బాగానే చెప్పింది. తీరా చూస్తే అది గమనిస్తున్నది జంతువును కాదు, వెనకాల మసకగా ఉన్న భాగాన్ని. జంతువుల ఫోటోల్లో ఫోకస్ జంతువు మీదే ఉంటుంది కాబట్టి వెనక భాగం మసకబారుతుంది. ప్రోగ్రాం ఆ గుర్తును పట్టుకుంది. ఇలాంటివి చదివితే, యంత్రానికి ఏదీ నిజంగా అర్థం కాదన్న ధైర్యం వస్తుంది.

కానీ అక్క ప్రశ్నకు ఆ ధైర్యం సరిపోదు. యంత్రానికి అర్థం కాకపోయినా పని జరిగిపోతే చాలు, ఉద్యోగానికి ముప్పు వచ్చినట్టే. ఈ మాటను గట్టిగా వాదించింది డేనియల్ సస్కిండ్, 'ఎ వరల్డ్ వితౌట్ వర్క్' (2020)లో. మనిషిలా ఆలోచించకుండానే యంత్రం మనిషి చేసే పని చేసేయగలదంటాడు. ఉద్యోగాన్ని ఒకే ముద్దగా చూడొద్దని, అది కొన్ని పనుల మూట అని చెబుతాడు. యంత్రం మూటంతా ఒకేసారి ఎత్తుకుపోదు, ఒక్కో పనీ తీసుకుంటుంది.

అక్కతో కూర్చుని ఆ లెక్క వేశాం. రోజుకు ఎనిమిది గంటల్లో, బిల్లులు ఎక్కించడానికీ సరిచూడటానికీ ఐదు గంటలు పోతాయి. మిగతా మూడు గంటలు తప్పు బిల్లు పంపినవాళ్లతో మాట్లాడటం, ఆడిటర్‌కు జవాబు చెప్పుకోవడం. వాళ్ల విభాగంలో ఎనిమిది మంది. ఐదు గంటల పని యంత్రానికి వెళ్తే, మొత్తం 64 గంటల్లో మిగిలేది 24. అంటే ముగ్గురి పని. ఉద్యోగం అనేది పోలేదు, ఉద్యోగులు మాత్రం తగ్గుతారు. పని పెరిగితే అలా జరగకపోవచ్చు. అమెరికాలో ఏటీఎంలు వచ్చాక ఒక్కో బ్యాంకు శాఖకు కావాల్సిన క్యాషియర్లు సుమారు 20 నుంచి 13కు తగ్గారు. శాఖ నడపడం చవకైంది కాబట్టి బ్యాంకులు ఇంకా ఎక్కువ శాఖలు తెరిచాయి, దాంతో మొత్తం క్యాషియర్ల సంఖ్య చాలాకాలం తగ్గలేదు. అక్క తన కంపెనీ గురించి అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: పని చవకైతే ఇంకా ఎక్కువ పని వస్తుందా?

వేరే పని ఉన్నా అది ఎందుకు దొరకదో సస్కిండ్ చెప్పిన తీరు కూడా నాకు నచ్చింది. నైపుణ్యం కుదరకపోవచ్చు, ఊరు కుదరకపోవచ్చు, లేదా 'ఇది నా స్థాయి పని కాదు' అని మనసు ఒప్పుకోకపోవచ్చు. చివరి అధ్యాయాలు మాత్రం ప్రభుత్వం ఆదాయాన్ని ఎలా పంచాలనే చర్చలోకి వెళ్తాయి. అవి తర్వాత చదువుకోవచ్చు. చాట్‌జీపీటీ కంటే ముందే వచ్చిన పుస్తకం కాబట్టి, రాతపనుల సంగతి ఇందులో తక్కువే.

ఆ లోటు కొంత తీర్చేది అరవింద్ నారాయణన్, సయాష్ కపూర్ రాసిన 'ఏఐ స్నేక్ ఆయిల్' (2024). నీతి విషయంలో మూడింటిలోకీ నాకు ఇదే మేలనిపించింది. రాసి ఇచ్చే, బొమ్మలు గీసే ఏఐ వేరు, మనిషి భవిష్యత్తును ఊహించే ఏఐ వేరని గీత గీసి చూపిస్తారు. రెండో రకం మీదే వాళ్లకు ఎక్కువ అనుమానం. వీడియో ఇంటర్వ్యూ చూసి మనిషికి మార్కులు వేసే సాఫ్ట్‌వేర్ సంగతే తీసుకోండి. జర్మనీలో జర్నలిస్టులు ఒకదాన్ని పరీక్షించారు. అదే మనిషి, అవే జవాబులు. వెనకాల పుస్తకాల అర కనిపించేసరికి మార్కులు మారిపోయాయి. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఇది తెలియడం చాలా అవసరం, ఎందుకంటే తిరస్కరణ వచ్చినప్పుడు లోపం తమదేనని కుమిలిపోతారు. అయితే జీతాలు, ఉపాధి ఎటు పోతాయన్న ప్రశ్నకు ఈ పుస్తకంలో ఎక్కువ చోటు లేదు.

అందుకే ఉన్న ఉద్యోగం గురించి భయమైతే ముందు సస్కిండ్, కొత్త ఉద్యోగానికి అప్లికేషన్లు పెడుతుంటే ముందు నారాయణన్, కపూర్. మిచెల్ పుస్తకం ఆ తర్వాత, తీరిక ఉన్నప్పుడు. అక్కకు సస్కిండ్ పుస్తకమే ఇచ్చాను, మేం లెక్క వేసిన కాగితం అందులోనే పెట్టి.