గోడ మీది టేపే కొంప ముంచుతుంది: ఫోన్ వీడియోతో నడక కొలత

ఫోన్‌ను పక్కన నిలబెట్టి తీసిన వీడియోతో నడక కొలిచే పద్ధతిలో సమయం లెక్కకు వంక పెట్టనక్కర్లేదు. ఒక పాదం మడమ నేలను తాకిన ఫ్రేమ్ నుంచి అదే పాదం మడమ మళ్లీ తాకే ఫ్రేమ్ వరకు ఒక స్ట్రైడ్. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేమ్ అటూ ఇటూ అయినా తేడా 33 మిల్లీసెకన్లే. ఏడిపించేదల్లా దూరం. అందులోనూ దూరం గుర్తుల కోసం గోడకు అంటించే టేపు.

కెమెరాకు 4 మీటర్ల దూరంలో మనిషి నడుస్తున్నాడు, గోడ ఇంకో అర మీటరు వెనక ఉంది అనుకుందాం. గోడ మీద 4 మీటర్ల ఎడంతో రెండు గుర్తులు పెట్టాం. తెర మీద ఆ రెండు గుర్తుల మధ్య మనిషి నిజంగా నడిచేది 3.56 మీటర్లే, ఎందుకంటే అతను కెమెరాకు దగ్గరగా ఉన్నాడు. దానికి 4.74 సెకన్లు పడితే అసలు వేగం 0.75, వీడియో చెప్పేది 0.84. వృద్ధుల కండరాల క్షీణతను అంచనా వేసేటప్పుడు యూరప్ ప్రమాణాల్లో సెకనుకు 0.8 మీటర్లు, అంతకన్నా తక్కువ వేగాన్ని నెమ్మది నడకగా లెక్కిస్తారు. అంటే పట్టుబడాల్సిన మనిషి గట్టెక్కేశాడు. 0.90 మీటర్ల స్ట్రైడ్ కూడా 1.01గా కనిపిస్తుంది. విచిత్రమేమిటంటే నిమిషానికి అడుగుల సంఖ్య మాత్రం సరిగ్గానే వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

పట్టుకోవడం తేలికే. నడిచే గీత మీద మీటరు కర్ర పడుకోబెట్టి, వీడియోలో దాని పొడవును ఆ గోడ గుర్తుల స్కేలుతోనే కొలవండి. 1.12 చూపిస్తే స్కేలు తప్పు చోట ఉన్నట్టే. టేపును నేల మీద, కెమెరా వైపు పాదం పడే గీత మీదే వేయాలి. అవతలి పాదం 10 సెంటీమీటర్లు వెనక పడినా దాని స్ట్రైడ్ రెండు శాతానికి పైగా చిన్నగా కనిపిస్తుంది కాబట్టి, ఆ కాలి కొలతకు మనిషిని ఎదురు దిశలో నడిపించడం మేలు. ఫోన్ తుంటి ఎత్తులో, వంగకుండా, గుర్తుల మధ్యకు ఎదురుగా ఉండాలి. వైడ్ లెన్స్ వద్దు, అంచుల దగ్గర దూరాలు సాగిపోతాయి. గుర్తులకు ముందూ వెనకా 2 మీటర్ల చొప్పున వదిలితే వేగం అందుకోవడం, తగ్గడం కొలతలోకి రావు.

సమయం గురించి పైన అన్నది వెలుతురు బాగున్నప్పటి మాట. వెలుతురు తగ్గితే కొన్ని ఫోన్లు చెప్పాపెట్టకుండా 30 నుంచి 24 ఫ్రేములకు దిగుతాయి. అప్పుడు 1.2 సెకన్ల స్ట్రైడ్‌లో 29 ఫ్రేములే ఉంటాయి. వాటిని 30తో భాగిస్తే 0.97 సెకన్లు వచ్చి, వేగం పావు వంతు పెరిగినట్టు కనిపిస్తుంది. ఫ్రేములు లెక్కపెట్టకుండా ప్రతి ఫ్రేమ్ టైమ్‌స్టాంప్ చదవాలి.

4 మీటర్లు వెనక్కి జరిగే జాగా ఉండి, స్ట్రైడ్ పొడవు కావాల్సినవాళ్లకు ఈ పద్ధతి పనికొస్తుంది. ఇరుకు వరండాలో వేగం మాత్రమే చాలనుకుంటే నా ఓటు నేల మీది టేపుకూ స్టాప్‌వాచ్‌కే.