ఒక్క స్కెచ్ నుంచి మూడు వ్యూలు: గీతలు లాగి గీయాలా, బ్లెండర్‌లో దిమ్మలు పేర్చాలా?

బెంగళూరులో గేమ్ స్టూడియోల కోసం పోర్ట్‌ఫోలియో తయారు చేసుకుంటున్న మన తెలుగు పిల్లలు తరచూ అడిగేది ఇదే: "అన్నా, స్కెచ్ ఒక్కటే ఉంది. ముందు, పక్క, వెనక వ్యూలు చేత్తో గీసుకోవాలా, లేక 3డి సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో రఫ్‌గా బొమ్మ నిలబెట్టి దాని మీద ట్రేస్ చేయాలా?"

ఒక పాత్రను పెట్టుకుని చూద్దాం. కె.ఆర్. మార్కెట్లో పూలమ్మే ఆవిడ. వెనక కొప్పు, ఎడమ భుజం మీద పైట, కుడి నడుముకు ఆనించి పట్టుకున్న గుండ్రటి పూలబుట్ట. స్కెచ్‌లో కొంచెం పక్కకి తిరిగి, ఒక కాలి మీద బరువు వేసి నిలబడి ఉంది. ఏ దారిన వెళ్లినా ముందు ఆమెను నిటారుగా నిలబెట్టి, తల వంపు తీసేయాలి. వంగిన తల మీద కొలత తీస్తే గడ్డం ఒక వ్యూలో ఒకచోట, ఇంకో వ్యూలో ఇంకోచోట ఉంటుంది.

చేత్తో గీసే పద్ధతి అందరికీ తెలిసిందే. నడినెత్తి, కళ్లు, గడ్డం, భుజం, మోచెయ్యి, మోకాలు, పాదం దగ్గర అడ్డగీతలు లాగి, వాటి మీదే మిగతా వ్యూలు కట్టడం. ఇందులో వెనక వ్యూ దాదాపు ఉచితం. దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా కనిపించే పర్‌స్పెక్టివ్ లేని బొమ్మ కాబట్టి ముందు వ్యూ బయటి గీతను అద్దంలోలా తిప్పేస్తే అదే వెనక ఆకారం. ముందు నుంచి చూసినప్పుడు పైట మనకు కుడివైపు కనిపిస్తుంది, వెనక నుంచి ఎడమవైపు. వ్యూలన్నీ పక్కపక్కన పెట్టే షీట్‌లో తిప్పకుండా కాపీ చేస్తే పైట కుడి భుజం మీదికి వెళ్లిపోతుంది. ఇలా రెండు పక్కలూ ఒకేలా లేని పాత్రకు ఒక పక్క వ్యూ చాలదు, కుడీ ఎడమా రెండూ కావాలి.

చిక్కంతా పక్క వ్యూతోనే. అడ్డగీతలు ఎత్తును మాత్రమే కలుపుతాయి. మందం గురించి ఒక్క ముక్క కూడా చెప్పవు. అందుకే ఎత్తులన్నీ చక్కగా కలిసిన షీట్‌లో కూడా తల వెనక భాగం చదునుగా, మెడ స్తంభంలా నిటారుగా, బుట్ట ముందు వ్యూలో కంటే చిన్నగా వస్తుంది. నా దృష్టిలో ఏ పద్ధతి మేలో తేల్చేది ఈ మందమే. బుట్ట గుండ్రనిది కాబట్టి ముందు నుంచి 300 పిక్సెల్స్ వెడల్పుంటే పక్క నుంచి కూడా 300 ఉండాలి. ముందు వ్యూలో చెయ్యో నడుమో కొంత కప్పేస్తే, కనిపించేంతే కొలిచి పక్క వ్యూలో గీసేస్తాం. తేడా అక్కడే వస్తుంది.

చేత్తో గీస్తూనే దీన్ని సరిచేయొచ్చు. ముందు వ్యూకి సరిగ్గా పైన, అదే వెడల్పులతో, పై నుంచి చూస్తే ఎలా ఉంటుందో గీయండి: తల, కొప్పు, భుజాలు, బుట్ట చాలు. దాన్నే కాపీ చేసి 90 డిగ్రీలు తిప్పి పక్క వ్యూ పైన పెట్టి, నిలువు గీతలు కిందికి దించండి. కొప్పు తల వెనక ఎంత బయటికి రావాలో, బుట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఆ గీతలే చెప్తాయి. కాకపోతే డిజైన్ మారిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ చేయాలి.

బ్లెండర్‌లో ఆ బాధ లేదు. స్కెచ్‌ని కెమెరాకు బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్‌గా పెట్టి, తలకీ కొప్పుకీ గోళాలు, మొండేనికి, చేతులకు, బుట్టకి సిలిండర్లు వేసి, స్కెచ్ బయటి గీతకి సరిపోయేదాకా సర్దాలి. ఒక్క స్కెచ్ మందాన్ని పూర్తిగా చెప్పదు కాబట్టి కొంత మన అంచనానే. అయితే ఒకసారి అంచనా వేశాక అది అన్ని వ్యూల్లోనూ ఒకటే. తర్వాత Numpad 5 నొక్కి పర్‌స్పెక్టివ్ లేని ఆర్థోగ్రాఫిక్‌లోకి వెళ్లి, Numpad 1 తో ముందు, Numpad 3, Ctrl + Numpad 3 లతో రెండు పక్కలు, Ctrl + Numpad 1 తో వెనక వ్యూ తీసుకోవచ్చు. పాదాల సంగతీ ఇక్కడే తేలిపోతుంది. చేత్తో గీసేటప్పుడు ముందు వ్యూలో కాలివేళ్లను మడమ కంటే కిందికి దించేస్తాం. అది పై నుంచి చూసే కన్ను అలవాటు. ఆర్థోగ్రాఫిక్‌లో వేళ్లూ మడమా ఒకే గీత మీద నిలబడాలి.

మట్టి బొమ్మ చేసి ఫోటో తీసే వాళ్లూ ఉన్నారు. సరదాగా ఉంటుంది, కానీ ఫోన్ దగ్గరగా పెడితే పర్‌స్పెక్టివ్ వచ్చి కొలతలు పోతాయి. దూరంగా నిలబడి జూమ్ చేయాలి.

మీ షీట్ 3డి బొమ్మ తయారు చేసే మోడలర్ చేతికి వెళ్తుందనుకుంటే నేను బ్లెండర్ దిమ్మలకే ఓటేస్తాను, ముఖ్యంగా కొప్పు, బుట్ట లాంటి బరువైన ఆకారాలున్నప్పుడు. ఫ్లాట్ 2డి యానిమేషన్ అయితే చేతి గీతే నయం. మికీ మౌస్ చెవులు ఎటు తిరిగినా గుండ్రంగానే కనిపిస్తాయి కదా, అలాంటి దొంగ ఆకారాలకు దిమ్మలు అడ్డుపడతాయి. ఇక పైట మడతలు, పూలదండ లాంటివి బ్లెండర్‌లో పెట్టకండి. దిమ్మల మీద వ్యూలు తీసుకున్నాక కృతాలోనో ఫోటోషాప్‌లోనో చేత్తో వేసుకుంటే సరిపోతుంది.