ఆన్‌లైన్‌లో ఇరిడియం ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ కొనేవాళ్ళు ఒక్కసారి ఇది చదవండి, నేను మోసపోయా

నాది 150 సీసీ బైక్. షాపులో ఇరిడియం ప్లగ్ 600 చెప్తే ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ 290కే ఇస్తున్నాడని ఆశపడి అదీ, ఎయిర్ ఫిల్టరూ కలిపి తెప్పించా. 700 కిలోమీటర్లు తిరగలేదు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇద్దరం కూర్చుంటే చాలు మిస్సింగ్ కొట్టడం మొదలైంది.

మెకానిక్ అన్న ప్లగ్ విప్పి గ్యాప్ కొలిస్తే 1.1 మిల్లీమీటర్లు వచ్చింది, నేను బిగించింది 0.8కి. ఆయన తన దగ్గరున్న ఒరిజినల్‌ని పక్కన పెట్టి భూతద్దం ఇచ్చాడు, అప్పుడు అర్థమైంది. అసలుదానికి మధ్య ఎలక్ట్రోడ్ చివర 0.6 మిల్లీమీటర్ల సన్నటి ముక్క వేరేగా వెల్డ్ చేసి ఉంటుంది, ఆ అతుకు చుట్టూ ఉంగరంలా గీత కనిపిస్తుంది. నా దాంట్లో అతుకే లేదు, మామూలు నికెల్ ఎలక్ట్రోడ్‌నే లేత్ మీద సన్నగా చెక్కేశారు, అది కూడా కొంచెం పక్కకి జరిగి ఉంది. నికెల్‌ని అంత సన్నగా చేస్తే తొందరగా అరిగిపోతుంది, గ్యాప్ పెరిగిపోతుంది, ఇంజిన్ మీద లోడ్ పడ్డప్పుడు స్పార్క్ దూకలేదు, అదే మిస్సింగ్.

ఇంకోటి, ఒరిజినల్‌కి వాషర్ తిరుగుతుంది గానీ చేత్తో లాగితే ఊడి రాదు, నాది బోర్లిస్తేనే జారి కింద పడింది (టేపర్ సీట్ ప్లగ్స్‌కి అసలు వాషరే ఉండదు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు). పింగాణీ మీద అక్షరాలు గోరుతో గీకితే లేచిపోయాయి. పేరులో R ఉంది, అంటే లోపల రెసిస్టర్ ఉన్న ప్లగ్ కదా అని పై నుంచి మధ్య ఎలక్ట్రోడ్‌కి మల్టీమీటర్ పెడితే దాదాపు సున్నా చూపించింది, 5 కిలో ఓమ్స్ దరిదాపుల్లో రావాలి.

ఈ అనుమానంతో ఫిల్టర్ కూడా తీశాం. చుట్టూ ఉండే సీల్ మెత్తగా నొక్కుకోవాల్సింది ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంది, ఒక మూల హౌసింగ్‌కి అసలు ఆనలేదు, కాబట్టి ఆ మూల నుంచి లోపలి వైపు, అంటే క్లీన్ సైడ్ మీద, సన్నటి దుమ్ము చార కనిపించింది. ఆ దుమ్మంతా ఫిల్టర్ తగలకుండానే ఇంజిన్‌లోకి పోతోందన్నమాట, నాకైతే ప్లగ్ కంటే ఇదే ఎక్కువ భయమేసింది.

ఇక డబ్బా విషయం, రంగు చూసి నమ్మొద్దు, నాది దూరం నుంచి అచ్చం అలాగే ఉంది. దగ్గరగా చూస్తే చిన్న అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి, తయారైన నెల లేదు, డబ్బా మీద నంబర్ ఒకటి ప్లగ్ మీద ఇంకోటి. హోలోగ్రామ్ కూడా ఉంది, అందుకే అదొక్కటీ చూసి తీసుకోకండి.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, పాత ప్లగ్ పారేయకుండా పక్కన పెట్టి పోల్చాకే బిగించండి. నాకు ప్లగ్ డబ్బులు వచ్చాయి, ఫిల్టర్ డబ్బా చింపి పడేశా కాబట్టి దానికి రూపాయి రాలేదు.