కొర్రలు, గానుగ నూనె: లోగో చూసి కొనాలా, మనిషిని చూసి కొనాలా?

"మీరు ఏ ఆర్గానిక్ బ్రాండ్ వాడతారు?" అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: బ్రాండ్ సంగతి తర్వాత, ముందు ప్యాకెట్ వెనక్కి తిప్పండి.

మొన్న ఒక కొర్రల ప్యాకెట్ కొన్నాను. ముందువైపు ఆర్గానిక్ గుర్తులు, అంటే జైవిక్ భారత్ లోగో, ఇండియా ఆర్గానిక్ లోగో రెండూ ఉన్నాయి. (పక్కనే ఉన్న పచ్చ చుక్కకి ఆర్గానిక్‌తో సంబంధం లేదు. అది శాకాహారం గుర్తు. అదే ఆర్గానిక్ అనుకునేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు.) వెనక పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉంది. దాన్ని foscos.fssai.gov.in లో కొట్టి చూస్తే, లైసెన్స్ చెల్లుబాటులోనే ఉంది కానీ వ్యాపారం రకం దగ్గర రీప్యాకర్ అని వచ్చింది. అంటే వాళ్ళు పండించలేదు, పొట్టు తీయలేదు, ఎవరి దగ్గరో కొని సంచీలో పోశారు. అందులో తప్పు లేదు. కానీ అప్పుడు అసలు ప్రశ్న వస్తుంది: సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉంది?

నా దృష్టిలో తేల్చేది ఇదే. ప్యాకర్‌కి మెసేజ్ పెట్టి స్కోప్ సర్టిఫికెట్, అంటే ఎవరికి, ఏ పంటలకి ఆర్గానిక్ గుర్తింపు ఉందో చెప్పే కాగితం, అడిగాను. రెండు రోజులకి పీడీఎఫ్ పంపారు. అది ఒక రైతు గ్రూపు పేరు మీద ఉంది, ప్యాకర్ పేరు ఎక్కడా లేదు. వెనక జత చేసిన పంటల పట్టికలో జొన్నలు, కందులు ఉన్నాయి, కొర్రలు లేవు. గడువు కూడా అయిపోయింది. కాబట్టి మూడు చూడండి: పేరు, పంట, గడువు. రైతు దగ్గర నుంచి ప్యాకర్ దాకా చేతులు మారిన ప్రతి చోటా సర్టిఫికేషన్ ఉండాలి, అమ్మిన సరుకుకి ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ ఉండాలి. మధ్యలో ఒక మిల్లుకి సర్టిఫికేషన్ లేకపోతే గొలుసు అక్కడే తెగినట్టు.

జైవిక్ భారత్ ఒక్కటే ఉంటే సగమే తెలిసినట్టు. దాని వెనక రెండు దారులుంటాయి. ఇండియా ఆర్గానిక్ లోగో ఇచ్చే జాతీయ కార్యక్రమం ఎన్‌పీఓపీ అయితే బయటి సంస్థ వచ్చి తనిఖీ చేస్తుంది. పీజీఎస్ అయితే కనీసం ఐదుగురు రైతులు గ్రూపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు చూసుకుంటారు. పీజీఎస్‌లో 'గ్రీన్' అని ఉంటే పొలం ఇంకా ఆర్గానిక్‌కి మారుతున్న దశలో ఉందని. చాలామంది పీజీఎస్‌ని చిన్నచూపు చూస్తారు గానీ, రైతు గ్రూపే నేరుగా అమ్మితే నాకు అదే ఇష్టం. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వైపు చూస్తే ఎందుకో తెలుస్తుంది: పండించినవాళ్ళే ఎదురుగా ఉంటారు. 'నేచురల్', 'ప్రకృతి వ్యవసాయం' అని మాత్రమే రాసిన ప్యాకెట్లు ఈ లెక్కలోకి రావు, అది నమ్మకం మీద కొనడమే.

ఇక నూనె. ఇక్కడ నా జవాబు తిరగబడుతుంది. ఆర్గానిక్ అన్నది పల్లీలు ఎలా పండాయో చెప్తుంది, వేడి తగలకుండా ఆడించారని చెప్పదు. ఆర్గానిక్ పల్లీలని వేడి పుట్టించే ఎక్స్‌పెల్లర్ మిషన్‌లో వేసినా లోగో లోగోనే. అందుకే గానుగకి వెళ్ళి ఆడిస్తుంటే చూడటమే మేలు.

చూడటం కుదరకపోతే లెక్క వేయండి. చెక్క గానుగలో కిలో పల్లీలకి సుమారు నాలుగు వందల గ్రాముల నూనె దిగుతుంది. లీటరు నూనె తూకం తొమ్మిది వందల గ్రాములు దాటుతుంది కాబట్టి రెండుంపావు కిలోల పైనే పల్లీలు కావాలి. మీ ఊళ్ళో పల్లీలు కిలో 120 రూపాయలు అనుకుంటే, పల్లీలకే 270 దాటింది. నూనె తీశాక మిగిలే పల్లీ చెక్క అమ్ముకుంటే కొంత తిరిగొస్తుంది, కానీ కూలీ, కరెంటు, సీసా కలుపుకోవాలి. అలాంటప్పుడు సీసా మీద 'గానుగ నూనె, 220' అని ఉంటే అది గానుగలోంచి రాలేదు, లేదా అచ్చం పల్లీ నూనె కాదు.

గానుగ దగ్గర లోటూ ఉంది. అక్కడి పల్లీలు మార్కెట్ యార్డు సరుకే కావచ్చు, మందులు కొట్టారో లేదో గానుగాయనకీ తెలియదు. అందుకే నేను పల్లీలు పీజీఎస్ గ్రూపు దగ్గర కొని, గానుగకి తీసుకెళ్ళి ఆడిస్తాను. కిలోకి ఇంతని కూలీ తీసుకుంటారు. వచ్చిన నూనె రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది, పైది వంపుకోవాలి. ఆన్‌లైన్‌లో కొనడం గురించి కూడా అడుగుతున్నారు, దానికీ ఇవే పరీక్షలు: సర్టిఫికెట్ అడగండి, ధర లెక్క వేయండి. పల్లీ చెక్క మాత్రం గానుగలో వదిలేసి రాకండి, అది మీదే, పశువులున్నవాళ్ళు కొనుక్కుంటారు.